వరండాలో ఏడున్నర అడుగుల మనిషి: ఏఐ బొమ్మల్లో కొలతల తప్పు ఎలా దొరుకుతుంది

గుంటూరు బ్రాడీపేటలో ఎక్కడో చూసినట్టే అనిపించే ఒక ఇంటి బొమ్మను ఉదాహరణగా తీసుకుందాం. ఏఐ చేత గీయించిన బొమ్మ అది. ముందు గేటు, గేటు లోపల సిమెంటు నేల మీద ఒకాయన నిలబడి ఉన్నాడు. ఆయన వెనక ఐదు మెట్లు, మెట్లెక్కితే వరండా. వరండా అంచున స్టీలు రెయిలింగ్, దానికి ఆనుకుని ఒకావిడ. ఆవిడ వెనక టేకు తలుపు, గుమ్మానికి మామిడాకుల తోరణం. చేతులకు వేళ్లు ఐదేసి ఉన్నాయి, నీడలన్నీ ఒకే వైపు పడ్డాయి. చూడగానే తప్పు పట్టడానికి ఏమీ దొరకదు. కానీ కొలిచి చూస్తే ఆ వరండాలో ఆవిడ ఎత్తు ఏడున్నర అడుగులు.

అపార్ట్‌మెంట్ బ్రోచర్లలో, ఇంటి ఎలివేషన్ నమూనాల్లో, వాట్సాప్‌లో వచ్చే ప్రకటనల్లో ఇలాంటి బొమ్మలు ఇప్పుడు మామూలైపోయాయి. కొనేవాళ్లు వరండా ఎంత విశాలంగా ఉందో, గుమ్మం ఎంత పెద్దదో ఆ బొమ్మను చూసే అంచనా వేసుకుంటారు. అందులో మనిషి కొలతా ఇంటి కొలతా కలవకపోతే ఆ అంచనా మొత్తం తప్పుతుంది. తలుపు, మెట్టు, రెయిలింగ్ అనే మూడింటిని మనిషి పక్కన పెట్టి చూస్తే చాలావరకు ఈ తప్పు దొరుకుతుంది. అయితే పక్కన పెట్టడం ఎలాగన్న దగ్గరే చాలామంది పొరబడతారు.

ముందు మామూలు కొలతలు చూద్దాం. మన దగ్గర ఇళ్లలో గుమ్మం ఎత్తు ఏడడుగులు. మెట్టు ఎత్తు ఆరంగుళాలు, కొన్నిచోట్ల ఆరున్నర. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం ఇళ్లలో మెట్టు 190 మిల్లీమీటర్లు, అంటే సుమారు ఏడున్నర అంగుళాలు దాటకూడదు. రెయిలింగ్ గానీ పిట్టగోడ గానీ మూడు నుంచి మూడున్నర అడుగులుంటుంది. ఇవన్నీ మనిషి ఒంటిని బట్టి వచ్చిన కొలతలే. ఐదున్నర అడుగుల మగమనిషి గుమ్మంలో నిలబడితే తల మీద అడుగున్నర ఖాళీ ఉంటుంది. ఐదడుగుల ఆడమనిషి నిలబడితే రెండడుగులు మిగులుతుంది. రెయిలింగ్ పై కడ్డీ ఆయనకు బొడ్డు దగ్గరకు వస్తే ఆవిడకు మోచేతి దగ్గరకు వస్తుంది. ఆరంగుళాల మెట్టు మోకాలి ఎత్తులో మూడో వంతు మాత్రమే.

ఈ నిష్పత్తులతోనే మన బొమ్మను చూస్తే ఏమవుతుంది? రెయిలింగ్ ఆవిడ మోచేతి పక్కనే ఉంది. ఆవిడ ఎత్తుకు తలుపు సరిపోయింది. గేటు దగ్గరి ఆయన ఒంటికి అటూ ఇటూ ఉన్న గేటు స్తంభాలు కుదిరాయి. అంటే పక్కపక్కన ఉన్న వస్తువులను ఒకదానితో ఒకటి పోల్చినంతవరకు బొమ్మ నెగ్గుతుంది. ఏఐ బొమ్మల్లో ఎక్కువగా కనిపించే పొరపాటు ఈ రకానిదే. ఒక గుంపులోని వస్తువులు తమలో తాము సరిగ్గా ఉంటాయి, ఇంకో గుంపులోనివి తమలో తాము సరిగ్గా ఉంటాయి, రెండు గుంపులూ మాత్రం ఒకే ఇంట్లో ఇమడవు. అందుకే పోలిక దగ్గరి వస్తువు నుంచి దూరపు వస్తువుకు సాగాలి. దూరంగా ఉన్నది ఎలాగూ చిన్నగా కనిపిస్తుంది కదా, ఎంత చిన్నగా కనిపించాలో ఎలా తెలుస్తుంది అన్నదే అసలు ప్రశ్న.

ఇల్లు కట్టే మేస్త్రి దగ్గర దీనికి సరిపోయే పని ఒకటుంది. పారదర్శకమైన పొడుగాటి ట్యూబులో నీళ్లు పోసి, ఒక గోడ మీద పెట్టిన మట్టం గుర్తును ఎదురు గోడ మీదకు తీసుకెళ్తాడు. మధ్యలో ఎంత దూరమున్నా రెండు గుర్తులూ ఒకే ఎత్తులో ఉంటాయి. బొమ్మలో కూడా అలాంటి మట్టం గీత ఒకటుంది. అది ఫొటో తీసిన కెమెరా ఉన్న ఎత్తులో బొమ్మకు అడ్డంగా సాగుతుంది. కెమెరా నేల నుంచి ఐదడుగుల ఎత్తులో ఉంటే, ఆ గీత గేటును ఐదడుగుల దగ్గర కోస్తుంది, వెనకున్న గోడనూ ఐదడుగుల దగ్గరే కోస్తుంది, వీధి చివరన ఉన్న స్తంభాన్నీ ఐదడుగుల దగ్గరే కోస్తుంది. దూరమైన కొద్దీ వస్తువు చిన్నదవుతుంది, కానీ గీత కోసే ఎత్తు మారదు. దీన్ని క్షితిజ రేఖ అంటారు. ఒకే ఫొటో నుంచి ఎత్తులు కొలిచే పద్ధతిని పరిశోధకులు ఆంటోనియో క్రిమినిసి, ఇయాన్ రీడ్, ఆండ్రూ జిస్సర్‌మన్ 2000లో పూర్తి గణితంతో రాశారు. కెమెరాను పైకీ కిందికీ వంచకుండా తిన్నగా పట్టి తీసినట్టున్న బొమ్మకైతే అంత గణితం అక్కర్లేదు, భాగహారం వస్తే చాలు.

గీతను పట్టుకోవడానికి, మన నుంచి దూరంగా వెళ్తున్న లెవెల్ అంచులను చూడాలి. పక్క ప్రహరీ పై అంచు, వరండా పక్క అంచు, నేల మీది టైల్స్ గీతలు ఇందుకు పనికొస్తాయి. నిజమైన ఇంట్లో ఇవి ఒకదానికొకటి సమాంతరంగా ఉంటాయి కాబట్టి ఫొటోలో వాటిని పొడిగిస్తే ఒకే బిందువు దగ్గర కలుస్తాయి. ఆ బిందువు మీదుగా అడ్డంగా గీస్తే అదే మట్టం గీత. అంచును చూసి కూడా సుమారుగా చెప్పొచ్చు. కెమెరా కంటే పైన ఉన్న అంచులు దూరం పోయే కొద్దీ కిందికి దిగుతాయి, కింద ఉన్నవి పైకి ఎక్కుతాయి. ఏ ఎత్తులో ఉన్న అంచు ఎక్కకుండా దిగకుండా తిన్నగా పోతుందో అదే కెమెరా మట్టం. కొలవడానికి కంప్యూటర్‌లోని పెయింట్ ప్రోగ్రాం చాలు, మౌస్ పెట్టిన చోటు ఎన్నో పిక్సెలో కింద మూలన చూపిస్తుంది.

బ్రాడీపేట బొమ్మలో ఈ గీత పై అంచు నుంచి 620వ పిక్సెల్ దగ్గర వచ్చిందనుకుందాం. గేటు దగ్గరి ఆయన పాదాలు 900 దగ్గర, తల 590 దగ్గర ఉన్నాయి. అంటే ఆయన మొత్తం 310 పిక్సెళ్లు, అందులో పాదం నుంచి గీత వరకు 280. ఆయన్ని మామూలు ఎత్తు మనిషిగా, ఐదడుగుల ఆరంగుళాలుగా, అంటే 66 అంగుళాలుగా లెక్కేస్తే గీత నేల నుంచి 66 × 280 ÷ 310, దాదాపు 60 అంగుళాల ఎత్తులో ఉంది. మనిషి నిలబడి ఫోన్ ఎత్తి తీసిన ఫొటోకి ఐదడుగులు సహజమైన ఎత్తే. ఇంతవరకు బాగానే ఉంది.

ఇక వరండా దగ్గరకు వెళ్దాం. వరండా అరుగు గోడ నేలను తాకిన చోటు 760. అక్కడి నుంచి గీత వరకు 140 పిక్సెళ్లు. గీత ఎక్కడైనా నేల నుంచి 60 అంగుళాలే కాబట్టి, అరుగు ఉన్న దూరంలో 140 పిక్సెళ్లంటే 60 అంగుళాలు. అరుగు పై అంచు 690 దగ్గరుంది, అంటే అరుగు 70 పిక్సెళ్లు, 30 అంగుళాలు. దానికి ఐదు మెట్లున్నాయి, మెట్టుకు ఆరంగుళాలు. ఏ మేస్త్రీ వంక పెట్టలేని కొలత. గేటు దగ్గరి ఆయన, నేల, అరుగు, మెట్లు అన్నీ ఒక మాట మీద ఉన్నాయి.

రెయిలింగ్ దగ్గర మాట మారుతుంది. అది అరుగు అంచునే నిలబడింది, కాబట్టి దానికీ అదే కొలబద్ద వర్తిస్తుంది. పై కడ్డీ 550 దగ్గరుంది. 690 నుంచి 550 వరకు 140 పిక్సెళ్లు, అంటే 60 అంగుళాలు. ఐదడుగుల రెయిలింగ్! దానికి ఆనుకున్న ఆవిడ పాదాలు కడ్డీల మధ్య నుంచి 690 దగ్గర కనిపిస్తున్నాయి, తల 480 దగ్గరుంది. 210 పిక్సెళ్లంటే 90 అంగుళాలు, ఏడున్నర అడుగులు. తలుపు ఇంకా వెనక ఉంది కాబట్టి దానికి కొలబద్ద మళ్లీ కట్టుకోవాలి. అరుగు 30 అంగుళాలు, గీత 60 అంగుళాలు, అంటే వరండా నేల గీతకు 30 అంగుళాలు కింద ఉంది. తలుపు కింది అంచు 676 దగ్గర ఉంది, గీతకు 56 పిక్సెళ్లు కింద. కాబట్టి అక్కడ 56 పిక్సెళ్లంటే 30 అంగుళాలు. తలుపు పై అంచు 441 దగ్గరుంది, మొత్తం 235 పిక్సెళ్లు. లెక్కేస్తే 126 అంగుళాలు, పదిన్నర అడుగుల తలుపు.

ఇప్పుడు ఈ మూడు సంఖ్యలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. రెయిలింగ్ 60, ఆవిడ 90, తలుపు 126. మూడింటినీ ఒకటిన్నరతో భాగిస్తే 40, 60, 84 వస్తాయి. అంటే మూడడుగుల నాలుగంగుళాల రెయిలింగ్, ఐదడుగుల ఆవిడ, ఏడడుగుల తలుపు. వరండాలోని ప్రతి వస్తువూ మిగతా వాటికి తగినట్టే ఉంది, మొత్తం వరండా మాత్రం ఒకటిన్నర రెట్లు పెద్దదై అరుగు మీద కూర్చుంది. కంటికి తప్పు దొరక్కపోవడానికి కారణం ఇదే. చూసేవాళ్ల కన్ను ఆవిడను రెయిలింగ్‌తోనూ తలుపుతోనూ పోల్చుకుని తృప్తి పడుతుంది, అరుగుతోనూ గేటు దగ్గరి ఆయనతోనూ పోల్చదు.

లెక్కలు వద్దనుకునేవాళ్లకు ఒక దగ్గరి దారి ఉంది. గీత ఐదడుగుల ఎత్తులో ఉంది, ఆవిడ రెండున్నర అడుగుల అరుగు మీద నిలబడింది. ఆవిడ ఐదడుగుల మనిషైతే గీత ఆవిడను సరిగ్గా సగంలో కోయాలి. బొమ్మలో అది పాదం నుంచి మూడో వంతు దగ్గరే, మోకాలికి కాస్త పైన కోస్తోంది. ఒక స్కేలును స్క్రీన్ మీద అడ్డంగా పెడితే ఈ తేడా తెలిసిపోతుంది.

గీతను పట్టుకోవడంలో పొరపాటు జరిగితే తీర్పు తిరగబడదా అన్న అనుమానం న్యాయమైనదే. ఏఐ బొమ్మల్లో ఆ అంచులన్నీ ఒకే బిందువులో కలవడం అరుదు. దాదాపు కలిసినట్టుంటాయి, పొడిగిస్తే ఒక్కోటి ఒక్కోచోటికి పోతుంది. ఫొటోల్లో మోసాలను పరిశోధించే హానీ ఫరీద్ 2022లో ఇలాంటి బొమ్మల పర్‌స్పెక్టివ్‌లో ఈ లోపాన్నే గమనించారు. అందుకే గీతను ఒకే చోట కాకుండా పైన ఒకసారి, కింద ఒకసారి పెట్టి లెక్క మళ్లీ చేయాలి. 600 దగ్గర పెడితే ఆవిడ ఎత్తు ఏడడుగులు వస్తుంది. 640 దగ్గర పెడితే ఎనిమిదడుగులు దాటుతుంది. ఎటు జరిపినా ఐదడుగులకు దిగదు. గేటు దగ్గరి ఆయన ఎత్తును మూడంగుళాలు తగ్గించినా ఫలితం ఐదు శాతం లోపే కదులుతుంది. నడుస్తున్న భంగిమ, చెప్పులు, జుట్టు అన్నీ కలిపినా పది శాతం తేడా ఎవరి బొమ్మలోనైనా రావచ్చు, దాన్ని వదిలేయడమే మంచిది. ఇరవై శాతం దాటితే అనుమానించాలి. ఇక్కడున్నది యాభై శాతం.

ఇలా ఎందుకు జరుగుతుంది? బొమ్మ గీసే మోడల్ దగ్గర అడుగులూ అంగుళాలూ ఉండవు. అది నేర్చుకున్న ఫొటోలన్నీ ఇంచుమించు ఒకే సైజుకు కుదించినవి, మహల్ గుమ్మమైనా బాత్రూం తలుపైనా అన్నే పిక్సెళ్లు. అందువల్ల రెయిలింగ్ పక్కన మనిషి ఎంత ఉండాలో అది బాగా నేర్చుకుంటుంది, అలాంటి ఫొటోలు లెక్కలేనన్ని చూసింది కాబట్టి. గేటు దగ్గరి మనిషి, వెనక వరండాలోని మనిషి ఒకే నేల మీద లెక్క కుదరాలంటే ముందు నేలనూ కెమెరానూ స్థిరపరచుకోవాలి, అలాంటి పని దాని పద్ధతిలో విడిగా లేదు. ఇంకో కారణం మనుషులదే. ముందు ఇల్లు గీయించి, తర్వాత బ్రష్‌తో ఒక చోటు గుర్తు పెట్టి అక్కడ మనిషిని నిలబెట్టమంటారు. గుర్తు పెట్టిన చోటు ఎంత పెద్దదైతే మనిషి అంత పెద్దగా వస్తాడు, నేలతో సంబంధం లేకుండా.

మెట్ల విషయంలో ఇంకో తనిఖీ ఉంది, దానికి గీత కూడా అక్కర్లేదు. అంతస్తుకూ అంతస్తుకూ మధ్య పదడుగులనుకుంటే ఆరంగుళాల మెట్లు ఇరవై పడతాయి. మన అపార్ట్‌మెంట్లలో మధ్యలో ఒక ల్యాండింగ్ పెట్టి పదీ పదీగా కడతారు. ఏఐ గీసిన మెట్లను లెక్కపెడితే తరచూ ఏడెనిమిదికే పై అంతస్తు వచ్చేస్తుంది. ఏడు మెట్లలో పదడుగులు ఎక్కాలంటే ఒక్కో మెట్టు పదిహేడు అంగుళాలు, దాదాపు మోకాలంత. అదే బొమ్మలో మెట్లెక్కుతున్న మనిషి పాదం పక్క మెట్టు చూస్తే మాత్రం పిక్క సగానికి కూడా ఉండదు. మనిషి దగ్గర మెట్టు మనిషికి తగ్గట్టు, గోడ దగ్గర మెట్ల వరుస గోడకు తగ్గట్టు గీసేస్తుంది. మెట్ల రెయిలింగ్‌ను కూడా రెండు చోట్ల చూడాలి, అడుగు మెట్టు దగ్గరా పై మెట్టు దగ్గరా. కడ్డీ వాలు మెట్ల వాలుతో కలవకపోతే కింద నడుం దాకా ఉన్న రెయిలింగ్ పైకి వెళ్లేసరికి మోకాలికి దిగుతుంది.

ఈ పద్ధతి తప్పుదారి పట్టించే చోట్లు కూడా ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యమైనది నేల వాలు. విజయవాడలో ఇంద్రకీలాద్రి కింది వీధుల్లో, మొగల్రాజపురం కొండ పక్కన తీసిన నిజమైన ఫొటోకు ఇదే లెక్క వేస్తే మనుషులు రాక్షసుల్లాగానో మరుగుజ్జుల్లాగానో తేలతారు. గీత నేల నుంచి ఒకే ఎత్తులో ఉంటుందన్న మాట చదునైన నేలకే చెల్లుతుంది. కెమెరాను పైకెత్తి తీసినట్టుండి గోడలు పైన దగ్గరపడుతుంటే మామూలు భాగహారం పనికిరాదు. కట్టడం రకాన్నీ చూసుకోవాలి. పాత పెంకుటిళ్లలో తల వంచి దూరే గుమ్మాలున్నాయి, కొత్త విల్లాల్లో ఎనిమిదడుగుల సింహద్వారాలు పెడుతున్నారు. ఉండవల్లి గుహల్లాంటి చోట కొండను తొలిచిన మెట్లకు ఆరంగుళాల లెక్క అసలే వర్తించదు. అందుకే గుమ్మం ఒక్కటే సాక్ష్యంగా చాలదు. మెట్టును ఎక్కువగా నమ్మొచ్చు, ఎందుకంటే గుమ్మాన్ని హంగు కోసం ఎంతైనా పెంచుతారు గానీ రోజూ ఎక్కే మెట్టును మోకాలంత ఎవరూ కట్టరు. ఇంకో మాట. కొలతలు కలవలేదంటే బొమ్మలో ముక్కలు కలవలేదనే అర్థం, అది ఏఐదని రుజువైనట్టు కాదు. చేత్తో అతికించిన ఫొటోలోనూ ఇదే తప్పు వస్తుంది.

మళ్లీ బ్రాడీపేట ఇంటికి వస్తే, దాన్ని సరిచేయడానికి రెండు దారులున్నాయి. మొదటిది, వరండా మొత్తాన్ని మళ్లీ గీయించడం. రెయిలింగ్ పై కడ్డీ 597 దగ్గరకు, తలుపు పై అంచు 519 దగ్గరకు, ఆవిడ తల 550 దగ్గరకు దిగాలి. అంటే ఇప్పుడు రెయిలింగ్ కడ్డీ ఉన్న చోట ఆవిడ తల ఉండాలి. తప్పు ఎంత పెద్దదో ఈ ఒక్క విషయం చూపిస్తుంది. ఆ మార్పు తర్వాత వరండా పైన చాలా ఖాళీ మిగులుతుంది, అక్కడ గోడో సన్‌షేడో నింపాల్సి వస్తుంది.

రెండో దారి తక్కువ పనితో అయిపోతుంది. వరండానే నిజమని ఒప్పుకుని మిగతాదాన్ని దానికి తగ్గించడం. ఆవిడను ఐదడుగులుగా ఉంచితే లెక్కలన్నీ మూడింట రెండు వంతులవుతాయి. కెమెరా 40 అంగుళాల ఎత్తుకు, అంటే ఎవరో వంగి తీసిన ఎత్తుకు దిగుతుంది. అరుగు 20 అంగుళాలు అవుతుంది, దానికి ఐదు మెట్లుంటే ఒక్కోటి నాలుగంగుళాలే కాబట్టి మూడు మెట్లుగా మార్చాలి, అప్పుడు మెట్టుకు ఆరున్నర అంగుళాలకు కాస్త పైన వస్తుంది. ఇక గేటు దగ్గరి ఆయన ఎత్తు మూడడుగుల ఎనిమిదంగుళాలకు పడిపోతుంది. కాబట్టి ఆయన్ని తీసేసి, అదే చోట అన్నే పిక్సెళ్ల ఎత్తున ఐదారేళ్ల పిల్లాడిని నిలబెడితే తలుపు, రెయిలింగ్, మెట్లు, మనుషులు అందరూ ఒకే కొలతకు వస్తారు.